12 లక్షల నష్టం, పదిన్నర లక్షల పాలసీ, జవాబు 9 లక్షలా?

రుషికుల్య_బీకాం

అగ్నిప్రమాద క్లెయిముల లెక్క ఒకటి తేలక రెండు రోజులుగా తల పట్టుకు కూర్చున్నాను. మాస్టారు మన ఊరి పేరు పెట్టే ఇచ్చారు. బరంపురం బడాబజార్‌లో ఒక పట్టుచీరల దుకాణం. ఏప్రిల్ 1న సరకు 8 లక్షలు. అక్కడి నుంచి నిప్పంటుకున్న రాత్రి వరకు కొనుగోళ్లు 22 లక్షలు, అమ్మకాలు 20 లక్షలు. స్థూల లాభం అమ్మకాల మీద 20 శాతం. కాలకుండా మిగిలిన సరకు 2 లక్షలు. పాలసీ 10,50,000కి ఉంది. ఎంత వస్తుంది?

నష్టం 12 లక్షలని తేలింది. పాలసీ పదిన్నర కాబట్టి పదిన్నర ఇస్తారని రాశాను. పుస్తకం వెనక జవాబు 9 లక్షలు. పోయినదాన్ని పూడ్చడమే నష్టపూర్తి అని క్లాసులో చెప్పారు. తీరా చూస్తే పాలసీ ఉన్నంత కూడా ఇవ్వరా?

దాని కిందే ఇంకో ప్రశ్న. ఆ షావుకారు మేడ మీద గదిలో రంగుల్లో కలిపే థిన్నర్ డబ్బాలు నిల్వ ఉంచుతాడు. ప్రపోజల్ ఫారంలో ఆ సంగతి చెప్పలేదు. నిప్పు మాత్రం కింద వైరింగ్ నుంచి పుట్టింది, మేడ దాకా పోనేలేదు. కంపెనీ బాధ్యత ఏమిటో చర్చించండి అన్నారు. నిప్పుకీ థిన్నర్‌కీ సంబంధమే లేనప్పుడు ఇందులో చర్చించడానికి ఏముంది?

పర్లాకిమిడి_కిరాణా

పదిన్నర చేతికొస్తుందనే అనుకున్నావా బాబూ? పాలసీ అమ్మేటప్పుడు ఒక మాట, ఇచ్చేటప్పుడు ఇంకో మాట. 2018లో తిత్లీ తుఫానుకి మా గొడౌను రేకులన్నీ ఎగిరిపోయాయి. కొత్త రేకులు వేయించడానికి 1,20,000 అయింది, బిల్లు కూడా ఇచ్చాను. చేతికొచ్చింది 62,000. మిగతా సగం ఎవరు తిన్నట్టు?

జయపురం_లెక్కలు

దీన్ని సగటు నిబంధన అంటారు తమ్ముడూ, యావరేజ్ క్లాజ్. సరకు విలువ కన్నా తక్కువకి పాలసీ తీసుకుంటే వర్తిస్తుంది. గుర్తు పెట్టుకోవాల్సింది ఏటంటే, పాక్షిక నష్టమైతేనే ఈ కోత. సరకు మొత్తం కాలిపోతే కోత లేదు, బీమా మొత్తం అంతా ఇచ్చేస్తారు. ఇంకోటి, సరకుని చీర మీద ఉన్న ధర చీటీ ప్రకారం లెక్కేయాలి, ఎందుకంటే అమ్మితే అంత వచ్చేది కాబట్టి.

సర్వే_రిపోర్టు

జయపురం గారు చెప్పినదాంట్లో మొదటిది సగం నిజం, రెండోది పొరపాటు. వరసగా వస్తాను.

ముందు సరకు లెక్క. ఉన్నది 8, కొన్నది 22, అంటే దుకాణంలోకి మొత్తం 30 లక్షల సరకు వచ్చింది. 20 లక్షలకి అమ్మాడు. అందులో లాభం 4 లక్షలు తీసేస్తే బయటికి వెళ్లిన సరకు అసలు ధర 16 లక్షలు. ఆ రాత్రి లోపల ఉండాల్సింది 14 లక్షలు. 2 మిగిలింది, 12 కాలింది. ఇంతవరకు అబ్బాయి సరిగ్గానే వచ్చాడు.

ఇప్పుడు 14 పక్కన 10.5 పెట్టి చూడు. సరకులో ముప్పావు వంతుకే బీమా ఉంది. తక్కిన పావు వంతుకి ప్రీమియం కట్టలేదు కాబట్టి దానికి షావుకారే పూచీ. పాలసీ ఫలానా బీరువాలో చీరలకి అని తీసుకోలేదు, మొత్తం సరకు మీద తీసుకున్నాడు. కాలినవన్నీ బీమా ఉన్న చీరలు, మిగిలినవి బీమా లేని చీరలు అని విడదీయడం ఎవరి తరమూ కాదు. అందుకే కాలిన ప్రతి రూపాయిలో 75 పైసలు కంపెనీవి, 25 పైసలు షావుకారువి. 12 లక్షల్లో ముప్పావు వంతు 9 లక్షలు.

```
క్లెయిమ్ = నష్టం × బీమా మొత్తం ÷ ప్రమాదం నాటి సరకు విలువ
        = 12,00,000 × 10,50,000 ÷ 14,00,000
        = 9,00,000
```

ఇక సరకు మొత్తం కాలిపోయిందనుకో. నష్టం 14 అని పెట్టి ఇదే సూత్రం వేసి చూడు, పదిన్నరే వస్తుంది. అప్పుడు నిబంధన వర్తించక కాదు, వర్తించినా జవాబు బీమా మొత్తమే అవుతుంది. పుస్తకాల్లో 'పూర్తి నష్టానికి సగటు లేదు' అని రాసేది దీన్ని చూసే. అప్పుడు కూడా షావుకారు తన పావు వంతు, మూడున్నర లక్షలు, పోగొట్టుకుంటున్నాడు.

ధర చీటీ సంగతి. 8,000కి కొన్న చీరకి 10,000 చీటీ కట్టాడు. అది కాలితే పోయింది 8,000. ఆ 2,000 ఇంకా సంపాదించలేదు. అదీ ఇచ్చేస్తే, అమ్ముడుపోని చీరకి నిప్పే మంచి బేరం అవుతుంది. నష్టపూర్తి సూత్రం అడ్డుకునేది సరిగ్గా దీన్నే. ప్రమాదం తర్వాత మనిషి ముందున్న చోటికి రావాలి, అంతకన్నా ఒక మెట్టు పైకి పోకూడదు. లాభానికి బీమా కావాలంటే వేరే పాలసీ ఉంది.

రుషికుల్య_బీకాం

పైసల్లో చెబితే అర్థమైంది. అయినా ఒక అనుమానం. పదిన్నరకి ప్రీమియం కట్టించుకున్నారు కదా. కాలింది అంతకన్నా ఎక్కువే. కట్టించుకున్నంత ఇవ్వడానికి ఏమిటి అభ్యంతరం?

సర్వే_రిపోర్టు

పక్కపక్కన రెండు దుకాణాలు అనుకో. రెండింట్లోనూ 14 లక్షల సరకే. ప్రీమియం వెయ్యికి 2 రూపాయలు అనుకుందాం, లెక్క తేలిక కోసం. ఒకాయన 14 లక్షలకీ తీసుకుని 2,800 కట్టాడు. రెండో ఆయన 2,100 కట్టాడు. నిప్పు ప్రమాదాల్లో ఎక్కువ భాగం మొత్తం బుగ్గి చేసేవి కావు. అయిదో ఆరో లక్షలు పోయి ఆగేవే ఎక్కువ. అలాంటప్పుడల్లా ఇద్దరికీ సమానంగా ఇస్తే మొదటాయన 700 ఎక్కువ ఎందుకు కట్టాలి? మరుసటి ఏడాది ఆయనా తగ్గిస్తాడు. అందరూ సగానికి తీసుకుని నష్టం మొత్తం అడగడం మొదలుపెడితే వెయ్యికి 2 రూపాయల రేటు నిలవదు.

ఛత్రపురం_ఆడిట్

సర్వే గారి లెక్క పుస్తకానికి సరిపోతుంది. ఈ రోజుల్లో అమ్ముతున్న పాలసీకి ఒక చిన్న మార్పు ఉంది, పిల్లలకి అది కూడా తెలియాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఒకే చోట 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న చిన్న వ్యాపారాలకి 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' అనే ప్రామాణిక పాలసీ వచ్చింది. అందులో బీమా లోటు 15 శాతం మించకపోతే సగటు కోత వేయరు. మించిందా, మొత్తం లోటు మీదా వేస్తారు.

మన షావుకారు లోటు 14లో మూడున్నర, అంటే 25 శాతం. కాబట్టి కోత తప్పదు. అదే 11,90,000కి తీసుకుని ఉంటే లోటు సరిగ్గా 15 శాతం. కోత లేదు, నష్టం 12 అయినా పాలసీ ఉన్నంత, 11,90,000 వచ్చేది. సర్వే గారు అనుకున్న రేటు మీదే చూస్తే ఆ తేడాకి ప్రీమియం 280 రూపాయలు. 280 దగ్గర చూసుకుని 2,90,000 పోగొట్టుకున్నాడు. షెడ్యూల్లో రాసిన ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిములో షావుకారే భరించాల్సిన మొత్తం, రెండు చోట్లా తగ్గుతుంది, దాన్ని పక్కన పెట్టాను.

జయపురం_లెక్కలు

ఈ 15 శాతం సంగతి నాకు తెలీదు. పరీక్షలో రాయొచ్చా?

ఛత్రపురం_ఆడిట్

ప్రశ్నలో పాలసీ పేరు చెప్పకపోతే రాయకూడదు. సగటు నిబంధన ఉందని ఇస్తే మామూలు సూత్రమే. ఇళ్లకిచ్చే 'భారత్ గృహ రక్ష'లో అయితే ఈ కోత అసలే లేదు. ఆ రెంటినీ కలిపేసి దుకాణం లెక్కలో కోత వద్దని రాసే పిల్లల్ని చూస్తున్నాం.

స్థూల లాభం దగ్గర కూడా ఒక తప్పు తరచూ దొర్లుతుంది. 20 శాతం అమ్మకాల మీదా, కొన్న ధర మీదా అన్నది చూసుకోరు. కొన్న ధర మీద 20 అయితే 20 లక్షల అమ్మకాల్లో లాభం 4 లక్షలు కాదు, సుమారు 3,33,000. సరకు 14 కాకుండా 13,33,000 దగ్గర తేలుతుంది. అలాగే దసరాకి ముందు తగ్గింపు అమ్మకం పెట్టారని ఇస్తే ఆ ముక్కని విడదీయాలి. 20 లక్షల్లో 4 లక్షలు 10 శాతం లాభానికే అమ్మారనుకుంటే బయటికి పోయిన సరకు 16,40,000. లోపల మిగిలేది 13,60,000. నిజం కేసుల్లో షావుకారుకీ, నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్‌కీ తగువు వచ్చేది సూత్రం దగ్గర కాదు, ఈ శాతం దగ్గరే.

పట్టు_మగ్గం

ఆ 14 లక్షల్లో మా చీరలు ఉన్నట్టా లేనట్టా? బరంపురంలో నేతగాళ్లు ఫొడా కుంభ అంచు చీరలు షావుకారు దగ్గర పెట్టి వస్తారు. అమ్ముడైతే కమీషన్ పట్టుకుని డబ్బు ఇస్తాడు. అవి కాలితే ఎవరిస్తారు?

సర్వే_రిపోర్టు

చాలా సరైన ప్రశ్న. ఆ చీరలు షావుకారు కొనుగోళ్లలో ఉండవు, కాబట్టి మన 14లో లేవు. కాలితే నష్టపోయింది మీరు, షావుకారు కాదు. మామూలు అగ్ని పాలసీల్లో నమ్మకం మీద గానీ కమీషన్ మీద గానీ ఉంచిన పరాయి సరకుని, ప్రత్యేకంగా రాయించుకుంటే తప్ప, మినహాయిస్తారు. ఆయన పాలసీ కాగితం తీయించి ఆ మాట ఉందో లేదో చూడండి. లేకపోతే కొత్తగా రాయించాలి. ఆ మేరకి బీమా మొత్తం కూడా పెంచాలి. పెంచకుండా మాట మాత్రం చేర్పిస్తే మీ చీరల విలువ సూత్రంలో భాగించే అంకెలో చేరి, కోత ఇంకా ఎక్కువవుతుంది.

పట్టు_మగ్గం

కాగితం ఎప్పుడూ చూపించలేదు. రేపే అడుగుతాను.

గుణుపురం_అక్క

ఇదంతా చదివాక భయమేస్తోంది. మా వారి పేరు మీద పది లక్షల పాలసీ ఉంది. రేపు ఏదైనా జరగకూడనిది జరిగితే మనిషి విలువ ఇరవై లక్షలు, పాలసీ పది, కాబట్టి అయిదే ఇస్తాం అంటారా? పోనీ రెండు కంపెనీల్లో తీసుకుంటే నష్టమేమైనా ఉందా?

ఛత్రపురం_ఆడిట్

అలా అనరు అక్కా. ప్రాణానికి మార్కెట్ ధర లేదు, పోయింది ఎంతో కొలవలేం. అందుకే జీవిత బీమా నష్టపూర్తి ఒప్పందం కాదు, ముందే ఒప్పుకున్న మొత్తం ఇచ్చే ఒప్పందం. పది లక్షలంటే పదీ ఇవ్వాలి. రెండు కంపెనీల్లో తీసుకుంటే ఇద్దరూ ఇవ్వాలి. మొదటి పాలసీ సంగతి రెండోవాళ్ల ఫారంలో అడుగుతారు, అక్కడ దాచకూడదు.

దుకాణానికి అలా కుదరదు. మన షావుకారు రెండు కంపెనీల్లో పదిన్నర చొప్పున తీసుకున్నాడనుకోండి. మొత్తం 21, సరకు 14, లోటు లేదు కాబట్టి కోత లేదు. నష్టం 12 పూర్తిగా వస్తుంది, కానీ ఇద్దరి దగ్గరా కలిపి 12. చెరి 6 లక్షలు వేసుకుంటారు.

పర్లాకిమిడి_కిరాణా

నా రేకుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నేను తక్కువకి తీసుకోలేదు. షెడ్డు విలువ అంతకీ ఉంది పాలసీ.

సర్వే_రిపోర్టు

రేకులు వేసి ఎన్నేళ్లయింది అప్పటికి?

పర్లాకిమిడి_కిరాణా

ఆరేళ్లు.

సర్వే_రిపోర్టు

అయితే మీ అంకె సరిగ్గా కుదురుతోంది. రేకు ఆయుష్షు 15 ఏళ్లుగా తీసుకుని ఉంటారు. 6 ఏళ్లు వాడేశారు, అంటే 40 శాతం అరిగింది. 1,20,000లో 48,000 తరుగు పోతే 72,000. ఆనాటి మామూలు అగ్ని పాలసీలో తుఫానుకి క్లెయిములో 5 శాతం, కనీసం 10,000 మీరే భరించాలి. 72,000లో 5 శాతం 3,600 కాబట్టి కనీసం అయిన 10,000 తగ్గించారు. 62,000.

ఎగిరిపోయింది ఆరేళ్ల పాత రేకు. దానికి కొత్త రేకు ధర ఇస్తే తుఫాను తర్వాత మీరు ముందుకన్నా మెరుగైన షెడ్డుకి యజమాని అవుతారు. మార్కెట్ విలువ మీద పాలసీ తీసుకుంటే ఇంతే. కొత్తదాని ఖర్చు కావాలంటే పునర్నిర్మాణ విలువ మీద తీసుకోవాలి. దానికి బీమా మొత్తం కూడా ఇవాళ కొత్తగా కడితే అయ్యేంత ఉండాలి, నష్టం జరిగాక సాధారణంగా 12 నెలల్లోగా నిజంగా కట్టి చూపించాలి. కట్టకపోతే మళ్లీ తరుగు తీసిన విలువే. ఈ సదుపాయం కట్టడాలకీ యంత్రాలకీ ఉంటుంది, సరకుకి ఉండదు.

పర్లాకిమిడి_కిరాణా

ఈ రెండు రకాలున్నాయని పాలసీ రాసినప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే కొత్త ధరకే తీసుకునేవాణ్ణి. 62,000 ఎలా వచ్చిందో ఇన్నేళ్లకి తెలిసింది. కానీ చెప్పకపోవడం తప్పు కాదా? ఏదీ దాచకూడదన్న విశ్వాసం మా ఒక్కరికేనా?

రాయగడ_వకీలు

తప్పే. ఆ బాధ్యత రెండు వైపులా ఉంటుంది. 1963 సముద్ర బీమా చట్టం 19వ సెక్షన్ మాటే అది: పరమ విశ్వాసాన్ని ఏ పక్షం పాటించకపోయినా రెండో పక్షం ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. కోర్టులు ఇదే సూత్రాన్ని మిగతా బీమాలకీ వాడుతున్నాయి. కానీ మీ వైపు నుంచి ఆ మందు పనికిరాదు. రద్దు చేసుకుంటే ప్రీమియం వెనక్కొస్తుంది, రేకులు రావు.

ఇక అబ్బాయి రెండో ప్రశ్నకి వస్తాను. చర్చించడానికి ఏముంది అన్నావు. అసలు చర్చంతా అక్కడే ఉంది. నువ్వు నిప్పు పుట్టిన రాత్రి దగ్గర నిలబడి చూస్తున్నావు. చట్టం ఫారం మీద సంతకం పెట్టిన రోజు దగ్గర నిలబడుతుంది. మేడ మీద థిన్నర్ ఉందని ఆ రోజు తెలిసి ఉంటే, వివేకం ఉన్న ఒక బీమా కంపెనీ ఈ దుకాణానికి పాలసీ ఇచ్చేదా? ఇదే రేటుకి ఇచ్చేదా? రెంటిలో ఏ ఒక్కదానికి 'కాదు' అని జవాబొచ్చినా అది ముఖ్యమైన విషయం. 20వ సెక్షన్ పెట్టిన కొలత ఇది. థిన్నర్ ఆవిరి చిన్న నిప్పురవ్వకి కూడా అంటుకుంటుంది. చీరల కొట్టు మీద అది ఉందంటే రేటు మారుతుందనడంలో నాకు సందేహం లేదు.

దాచితే ఒప్పందం దానంతటది చెల్లకుండా పోదు. కంపెనీ కోరితే రద్దవుతుంది. 'చెల్లదు' అని రాసే విద్యార్థికి మార్కులు పోయేది ఇక్కడే. తెలిసి కూడా కంపెనీ ప్రీమియం తీసుకుంటూ పోతే, తర్వాత ఆ కోరిక కోరే హక్కు నిలవదు.

జయపురం_లెక్కలు

కానీ వకీలు గారూ, దాచిన విషయానికీ నష్టానికీ సంబంధం లేకపోతే క్లెయిమ్ ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పిందిగా. వెన్నెముక జబ్బు కేసు.

రాయగడ_వకీలు

చెప్పింది. 2015లో ఒక జీవిత బీమా కేసు. పాలసీదారు వెన్నెముక జబ్బు చెప్పలేదు, చనిపోయింది గుండె జబ్బుతో. ఇవ్వాలని తీర్పు వచ్చింది. అయితే 2019లో ఇంకో జీవిత బీమా కేసులో, అంతకుముందే వేరే కంపెనీలో తీసుకున్న పాలసీ సంగతి ఫారంలో రాయలేదు. దానికీ చావుకీ ఏ సంబంధమూ లేదు. అయినా తిరస్కరణ సరైనదేనంది అదే కోర్టు. అడిగిన ప్రశ్నకి తప్పు జవాబిచ్చాడన్నదే చూసింది. రెండూ చదివితే, సంబంధం లేదు కాబట్టి ఇవ్వాల్సిందే అని ఖాయంగా చెప్పలేం.

సర్వే_రిపోర్టు

ఇక్కడ నేను జయపురం గారి వైపు. సూత్రం పుస్తకంలో మీరన్నట్టే ఉంది. కానీ మేడ దాకా మంటే పోలేదు. వైరింగ్ మంటకి 9 లక్షలు న్యాయంగా రావాల్సిన మనిషికి సున్నా ఇవ్వడం తప్పుకి మించిన శిక్ష. థిన్నర్ ఉందని చెప్పి ఉంటే ఎంత ఎక్కువ ప్రీమియం కట్టేవాడో ఆ దామాషాలో తగ్గించి ఇస్తే సరిపోతుంది. సరకు తక్కువ చూపినవాడికి సగటు లెక్క అదే పని చేస్తోంది కదా.

రాయగడ_వకీలు

బాగుంది, కానీ మన పాలసీల్లో ఆ దామాషా మాట రాసి లేదు. రాయని దాన్ని పరీక్షలో నియమంలా రాయకూడదు. పైగా సరకు తక్కువ చూపడం వేరు, అడిగినదానికి 'లేదు' అనడం వేరు.

రుషికుల్య_బీకాం

ఒకవేళ ఫారంలో ప్రమాదకర సరకు గురించి ప్రశ్నే లేకపోతే? లేదా ఆ గడి ఖాళీగా వదిలేస్తే?

రాయగడ_వకీలు

ఖాళీ గడి చూసి కూడా ఏమీ అడక్కుండా ప్రీమియం తీసుకుంటే, తర్వాత దాన్ని పట్టుకుని తిరస్కరించడం కుదరదని 2021లో సుప్రీంకోర్టు ఒక విదేశీ ప్రయాణ వైద్య బీమా కేసులో చెప్పింది.

ఈ ఆలోచన కొత్తది కూడా కాదు. పరమ విశ్వాసం గురించి అందరూ చెప్పే పాత తీర్పు 1766లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఇచ్చినది, కార్టర్ బోహెమ్ మీద వేసిన దావా. సుమత్రా దీవిలో ఒక ఇంగ్లీషు కోట. పరాయి శత్రువు దాన్ని పట్టుకుంటే పరిహారం ఇచ్చేలా గవర్నర్ కార్టర్ బీమా తీసుకున్నాడు. ఫ్రెంచివాళ్లు పట్టుకున్నారు. కోట బలహీనమని నాకు చెప్పలేదన్నాడు బీమా ఇచ్చిన బోహెమ్. దాచకూడదనే సూత్రాన్ని మాన్స్‌ఫీల్డ్ అక్కడే విస్తారంగా చెప్పాడు. చెప్పి, గెలిపించింది మాత్రం కార్టర్‌నే. బీమా ఇచ్చేవాడికి తెలిసినదాన్నీ, తెలిసి ఉండాల్సినదాన్నీ, చెప్పనక్కర్లేదని అతను వదిలేసినదాన్నీ మళ్లీ చెప్పాల్సిన పని లేదన్నాడు. ఈ తీర్పుని కంపెనీల పక్షంగా మాత్రమే పిల్లలకి చెబుతారు. ఎవరు గెలిచారో కూడా రాస్తే మాస్టారు సంతోషిస్తారు.

ఛత్రపురం_ఆడిట్

చిన్న ప్రశ్న. మేడ గది వేరేవాళ్లకి అద్దెకిచ్చి, థిన్నర్ అద్దెవాడిదైతే?

రాయగడ_వకీలు

నిజంగా తెలియనిదాన్ని చెప్పలేడు. కానీ వ్యాపారం నడిపే క్రమంలో మామూలుగా తెలిసి ఉండాల్సింది తెలిసినట్టే లెక్క. కింద కొట్టు నడిపే మనిషికి మెట్ల మీద రోజూ డబ్బాలు ఎక్కుతుంటే తెలియలేదంటే నమ్మరు. గోడలకి రంగు వేయించడానికి ఒక డబ్బా రెండు రోజులు ఉంటే అది నిల్వ కాదు. ప్రశ్నలో 'నిల్వ ఉంచుతాడు' అని ఉంది కాబట్టి ఇక్కడ ఆ వాదన పనికిరాదు.

పాలసీ తీసుకున్న రోజు థిన్నర్ లేదు, మూడు నెలల తర్వాత తెచ్చాడనుకోండి. అప్పుడది దాచడం కిందికి రాదు, ప్రమాదాన్ని పెంచే మార్పు కిందికి వస్తుంది. దానికి పాలసీలోనే వేరే షరతు ఉంటుంది, మారే ముందే కంపెనీ ఒప్పుకోలు తీసుకోవాలి. రెన్యువల్ రోజు మాత్రం మళ్లీ మొదటి రోజు లాంటిదే. మారినదంతా చెప్పాలి.

గుణుపురం_అక్క

మా వారి ఫారం ఏజెంటే నింపాడు. బీపీ మందులు వాడుతున్నారు, అది రాశాడో లేదో తెలీదు. పాలసీకి రెండేళ్లయింది.

రాయగడ_వకీలు

ఏజెంటు నింపినా సంతకం మీ వారిదే, బాధ్యత కూడా. ప్రపోజల్ కాపీ పాలసీ కాగితాల్లోనే ఉండాలి, తీసి చూడండి. లేకపోతే బ్రాంచిలో అడిగి తీసుకోండి. బీపీ గడిలో 'లేదు' అని ఉంటే ఇప్పుడే రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోండి. వాళ్లు ప్రీమియం పెంచవచ్చు, ఇంకేదైనా అనవచ్చు, అది మీరు ఊహించుకునే ఉండాలి. జీవిత బీమాకి 1938 బీమా చట్టం 45వ సెక్షన్ ఉంది. మూడేళ్లు దాటాక పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. దాన్ని నమ్ముకుని ఇంకో ఏడాది నోరు మూసుకుందామని మాత్రం అనుకోవద్దు, ఆ ఏడాదిలోనే ఏదైనా జరిగితే దిక్కుండదు. చీరల కొట్టుకి ఈ మూడేళ్ల రక్షణ లేదు.

గుణుపురం_అక్క

సాయంత్రం కాగితాలు తీస్తాను. తీసి చెప్తాను.

సర్వే_రిపోర్టు

దాచడం అంటే అందరూ ఫారం దగ్గరే ఆగిపోతున్నారు. క్లెయిమ్ వేసేటప్పుడు కూడా విశ్వాసం ఉండాలి. మన షావుకారు బ్యాంకులో సరకు చూపి తీసుకునే క్యాష్ క్రెడిట్ అప్పు ఎక్కువ వాడుకోవడానికి నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్‌లో 18 లక్షలు చూపిస్తున్నాడనుకోండి. నిప్పంటుకున్నాక అదే కాగితం పట్టుకుని 16 లక్షల నష్టం అంటాడు. సర్వేయర్ కొనుగోలు బిల్లులు, జీఎస్‌టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంటు మూడూ పక్కపక్కన పెడతాడు. బిల్లులూ రిటర్నులూ 14 అంటాయి, బ్యాంకు కాగితం 18 అంటుంది. 18 నిజమంటే బిల్లుల్లేని 4 లక్షల సరకు ఎక్కడిది? 14 నిజమంటే బ్యాంకుకి అబద్ధం చెప్పినట్టు, క్లెయిములో 4 లక్షలు కల్పించినట్టు. క్లెయిములో మోసం ఉంటే పాలసీ ప్రయోజనం మొత్తం పోతుందని షరతుల్లోనే ఉంటుంది. నిజంగా కాలిన 12 లక్షలకి రావాల్సిన 9 కూడా దానితోపాటు పోతాయి.

జయపురం_లెక్కలు

థిన్నర్ దాచినవాడి మీద జాలి చూపించారు, వీడి మీద చూపించరా?

సర్వే_రిపోర్టు

చూపించను. ఫారంలో ఒక గడి మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది. కాలని సరకుని కాలిందని రాయడానికి కూర్చుని లెక్క కట్టాలి.

రుషికుల్య_బీకాం

రెండో ప్రశ్నకి ఇలా రాశాను, చూడండి: "థిన్నర్ నిల్వ ముఖ్యమైన విషయం. ప్రపోజల్‌లో చెప్పలేదు కాబట్టి కంపెనీ కోరితే ఒప్పందాన్ని రద్దు చేయవచ్చు. కంపెనీకి ముందే తెలిసినా, ప్రశ్న ఖాళీగా ఉన్నా పట్టించుకోకపోయినా ఆ హక్కు నిలవదు. నష్టానికి కారణం కాని విషయం దాచినప్పుడు తీర్పులు రెండు విధాలుగా ఉన్నాయి. క్లెయిమ్ నిలిస్తే 9 లక్షలు."

రాయగడ_వకీలు

'తీర్పులు' ముందు 'జీవిత బీమాలో' అని చేర్చు. ఆ రెండూ దుకాణాల కేసులు కావు.

సర్వే_రిపోర్టు

9 లక్షల పక్కన 'ఎక్సెస్ పోను' అని కూడా రాయి. దామాషా సంగతి వకీలు గారితో నేను ఇంకా ఒప్పుకోలేదు, దానికి వేరే చర్చ మొదలుపెడతాను.